ఏడుకు మూడు వస్తే ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: రైతులకు ఫోన్లో సలహాలిచ్చే కేంద్రంలో పనిచేస్తున్నాను. 'రైతు మాట వినడం' అన్న అంశంలో ఏడుకు మూడే వచ్చింది. రెండేళ్లుగా చేను పండలేదు, ఇల్లు నా జీతంతోనే నడుస్తోంది. తీసేస్తారేమోనని నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, కళ్యాణదుర్గం

జవాబు: స్థిమితపడండమ్మా, ఆ మూడు మీ గుణానికి వేసిన మార్కు కాదు. మీ దగ్గర వాడుతున్నది బిహేవియరల్లీ యాంకర్డ్ రేటింగ్ స్కేల్, పొట్టిగా బార్స్. అందులో ఒక్కో మెట్టు పక్కన, ఫోన్లో ఏం జరిగితే ఆ అంకె వేయాలో రాసి ఉంటుంది. 'వేరుశనగ ఆకుల మీద మచ్చలొచ్చాయి' అని రైతు అన్నాడనుకోండి. ఏ రకం, విత్తి ఎన్నాళ్లయింది, మచ్చలు ముందు కింది ఆకుల మీద వచ్చాయా అని అడిగి, చెప్పిన మోతాదు రైతు చేతే మళ్లీ చెప్పిస్తే ఏడు. ఒకటి రెండు అడిగి సరైన మందే చెప్పినా, రైతుకు అర్థమైందో లేదో చూసుకోకపోతే నాలుగు. 'మచ్చలు' అనగానే మందు పేరు చదివేస్తే ఒకటి. నాలుగు పక్కన, ఒకటి పక్కన ఏం రాశారో చూసి, మీ రికార్డింగు విని, ఏ ప్రశ్న వదిలేశారో వెతకండి. ఒక నెల మూడు రావడం మామూలే. అదే ప్రశ్న ప్రతి ఫోన్లోనూ వదిలేస్తుంటే జాగ్రత్తపడాలి. ఏ ఫోనుకు వేశారో చూపించకుండా అంకె మాత్రమే చేతిలో పెడితే, అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: ఒకే రికార్డింగుకు నేను ఆరు వేస్తే తోటి సూపర్‌వైజరు మూడు వేశారు. తప్పు నాదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కంగారొద్దు, ఒక మెట్టు తేడా ఎక్కడైనా వస్తుంది. మూడు మెట్లు తేడా వచ్చిందంటే నేనైతే మనుషుల్ని కాదు, ముందు స్కేలునే అనుమానిస్తాను. 1963లో స్మిత్, కెండాల్ నర్సుల పనిని అంచనా కట్టడానికి ఈ బార్స్ పద్ధతి తెచ్చినప్పుడే దీనికో పరీక్ష పెట్టారు. పని తెలిసినవాళ్లు చెప్పిన సంఘటనల్ని కలగాపులగం చేసి, వాటిని రాయని మరో బృందానికిచ్చి, ఏది ఏ అంశం కిందికి వస్తుందో పెట్టమంటారు. ఎక్కువమంది ఒకే చోట పెట్టనిదాన్ని తీసేస్తారు. మిగిలినవాటికి అంకెలు వేయించి, ఒకరు రెండు, మరొకరు ఆరు వేసినవాటినీ పక్కన పెడతారు. మీ దగ్గర ఈ వడపోత జరిగిందేమో కనుక్కోండి. మెట్టు పక్కన 'బాగా మాట్లాడారు' అని మాత్రమే ఉంటే జరగనట్టే. అయితే వడకట్టినా పక్షపాతం పూర్తిగా పోదు. నచ్చిన మనిషికి అన్ని అంశాల్లోనూ ఆరు వేసే చేయి ఆ స్కేలుతో ఆగదు.

ప్రశ్న: రైతును 'ఏమప్పా' అని పలకరించానని మర్యాదలో రెండు వేశారు.
– ఒక సోదరుడు, ధర్మవరం

జవాబు: బాధపడకండి, మన సీమలో అది ఆప్యాయతే. బ్యాంకు కాల్ సెంటరు కోసం రాసిన మెట్లను తెచ్చి అతికిస్తే ఇలాగే ఉంటుంది. ఇక్కడ ఫోన్లు ఎత్తేవాళ్లను, చేసే రైతులను కూర్చోబెట్టి ఆ అంశం మళ్లీ రాయించమని అడగండి. రైతు మాట మధ్యలో అడ్డుపడినందుకు రెండు వేసి ఉంటే మాత్రం, అది యాస గొడవ కాదు.