మోజెల్ సీసా మీది చిన్న అంకె

జర్మనీలో ఉండే మన పిల్లలు ఎవరింటికైనా విందుకు వెళ్లేముందు దుకాణంలోంచే ఫోన్ చేస్తారు. "బాబాయ్, ఇది తియ్యగా ఉంటుందా, ఉండదా?" అని అడుగుతారు. అన్ని దేశాల లేబుళ్లూ ఒకే తీరున ఉండవు కాబట్టి మోజెల్ నదీలోయ రీస్లింగ్ ఒక్కటే తీసుకుని, నాకు తెలిసింది చెబుతాను. సీసా మీద ఇలా ఉందనుకోండి: మోజెల్, వెలెనర్ సోన్నెన్‌ఊర్, రీస్లింగ్ ష్పేట్‌లేజె, 8 శాతం.

1. ముందు ఊరు చూడండి. బనగానపల్లె మామిడి అన్నట్టే, వెలెనర్ అంటే వెలెన్ ఊరిది. సోన్నెన్‌ఊర్ ఆ ఊరి ఎదుట నది ఒడ్డున ఉన్న తోట. నిట్టనిలువు వాలు, పలకరాతి నేల. చలిదేశంలో ద్రాక్ష మెల్లగా పండుతుంది గనుక పులుపు నిలిచి ఉంటుంది, వైన్ తేలిగ్గా ఉంటుంది. మోజెల్ అన్న మాట చెప్పేది ఆ శైలినే.

ఇక్కడ ఒక చిక్కుంది. పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్‌ఖెన్ అంటే పీస్‌పోర్ట్ ఊరి ఒక్క తోట. పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అంటే చుట్టుపక్కల ఊళ్ల తోటలన్నీ కలిపిన పెద్ద ప్రాంతం. లేబుల్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొత్త చట్టం ఆ తేడాను స్పష్టంగా రాయమంటోంది కానీ, పాత సీసాలు ఇంకా చాలాకాలం దొరుకుతాయి.

2. ద్రాక్ష పేరు ఒక్కటే రాసి ఉంటే, ఐరోపా నియమం ప్రకారం కనీసం 85 శాతం ఆ రకమే ఉండాలి. దీని గురించి ఇంతకన్నా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

3. ష్పేట్‌లేజె అన్న మాట చూసి తీపి అనుకోకండి. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆవుస్‌లేజె అనే మెట్లు కోతనాడు ద్రాక్షరసంలో ఎంత చక్కెర ఉందో చెబుతాయి. సీసాలో ఎంత మిగిలిందో చెప్పవు. ఆ చక్కెర మొత్తాన్ని ఈస్టు తినేస్తే ష్పేట్‌లేజె కూడా తీపి లేకుండానే వస్తుంది. మధ్యలో ఆపేస్తే తియ్యగా మిగులుతుంది. దుకాణాల్లో ఎక్కువమంది తడబడేది ఈ ఒక్క మాట దగ్గరే.

4. అందుకే నేను మొదట వెతికేది ఆల్కహాల్ అంకె. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. మన సీసా లెక్క చూద్దాం. ఆ రసం పూర్తిగా పులిస్తే 11 శాతం దాకా వచ్చేదనుకోండి. లేబుల్ మీద 8 ఉంది. తగ్గిన మూడు శాతానికి సరిపడా చక్కెర, అంటే లీటరుకు సుమారు 50 గ్రాముల చొప్పున, లోపలే ఉండిపోయింది. 125 మిల్లీలీటర్ల గ్లాసులో ఆరు గ్రాముల పైచిలుకు. షుగరు వ్యాధి ఉన్న పెద్దవాళ్ల ముందు ఆ సీసా పెట్టేముందు ఇది తప్పక తెలియాలి.

మోజెల్ రీస్లింగ్ వరకు గుర్తు ఇది: 7 నుంచి 9 శాతం ఉంటే తీపి, 12 ఆపైన ఉంటే దాదాపుగా తీపి లేనిది, మధ్యలో ఉంటే ఏదైనా కావచ్చు. అంకెలో అర శాతం అటూఇటూ తేడాకు చట్టం ఒప్పుకుంటుంది. ఈ లెక్కను మాత్రం వేరే చోటికి తీసుకెళ్లకండి. ఫ్రాన్సు సోటెర్న్ 13, 14 శాతం ఉండి కూడా బాగా తియ్యగా ఉంటుంది. పోర్చుగల్ పోర్ట్‌లో పులియడం ఆపడానికి ద్రాక్ష సారా కలుపుతారు గనుక 20 శాతం దగ్గర కూడా తీపే.

5. ఆ మధ్య అంకెల దగ్గర తీర్పు చెప్పేది ట్రాకెన్ అన్న మాట. అది ఉంటే లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర. పులుపు తగినంత ఉంటే 9 దాకా ఒప్పుకుంటారు. హాల్బ్‌ట్రాకెన్ అంటే కొంచెం తీపి. ఫైన్‌హెర్బ్ అన్న మాటకు చట్టంలో కొలత లేదు, తయారుచేసినవాళ్లనే అడగాలి. ఏ మాటా లేక అంకె కూడా చిన్నదైతే తీపేనని కొనండి. మోజెల్ పులుపు ఆ తీపిని నాలుకకు తగ్గించి చూపిస్తుంది. చక్కెర మాత్రం అంతే ఉంటుంది.

బుడగల వైన్ జెక్ట్ మీద అదే ట్రాకెన్ కనిపిస్తే అర్థం మారుతుంది. అక్కడ లీటరుకు 17 నుంచి 32 గ్రాములు. తీపి వద్దనుకునేవాళ్లు బ్రూట్ అని రాసినది తీసుకోవాలి.

6. 2023 డిసెంబరు 8 తర్వాత తయారై ఐరోపాలో అమ్మే వైన్లకు పోషకాల వివరాలు ఇవ్వాలి. చాలామంది వాటిని క్యూఆర్ కోడ్ వెనక పెడుతున్నారు. ఫోన్‌తో తెరిస్తే వంద మిల్లీలీటర్లకు చక్కెర ఎంతో ఉంటుంది, పదితో గుణిస్తే లీటరు లెక్క. అక్కడ 5 గ్రాములు కనిపిస్తే, ఇందాక మనం వేళ్ల మీద వేసిన 50 గ్రాముల లెక్కే అది.