ఒకే యైదు స్వరములు, రెండు రాగములు
(వాది సంవాదులను గూర్చిన పాఠము)

హిందుస్థానీ సంగీతమునందు భూపాలీ యనియు, దేశ్‌కార్ అనియు రెండు రాగములు గలవు. రెంటియందును స్వరము లైదే: స, రి, గ, ప, ధ. మధ్యమ నిషాదములు రెంటను లేవు. ఆ స్వరముల స్థానములును రెంట నొక్కటియే. హార్మోనియముపై నొక రాగమునకు నొక్కిన మెట్లే రెండవదానికిని చాలును. అయినను గాయకుడు రెండు మూడు పలుకులు పలుకులోపలనే తెలిసిన శ్రోత యిది భూపాలీయో, దేశ్‌కారో చెప్పివేయును. స్వరములు మాఱక రాగము మాఱుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమే వాది సంవాదుల పాఠము. దానినే యిచ్చట మా చదువరులకు వివరింప దలచితిమి.

మన తెలుగు పిల్లల కీ యైదు స్వరములు క్రొత్తవి కావు. "వరవీణా" గీతము నేర్చినవారి కెల్ల నివి మోహనరాగ స్వరములని తెలియును. మన పరిభాషలో నివి షడ్జము, చతుశ్శ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్శ్రుతి ధైవతము. అయితే పేరులోని పోలికను బట్టి భూపాలీని మన భూపాలరాగమని భ్రమపడరాదు. భూపాలమున రి, గ, ధలు వేఱుస్థానములవి.

వాది, సంవాది, అనువాది, వివాది యను నాలుగు మాటలును మిక్కిలి ప్రాచీనములు. భరతుని నాట్యశాస్త్రమున నివి గలవు. పదుమూడవ శతాబ్దివాడైన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున వాదిని రాజుతోను, సంవాదిని మంత్రితోను, అనువాదులను భృత్యులతోను, వివాదిని శత్రువుతోను బోల్చెను. ఇటీవలి కాలమున ఈ మాటలను హిందుస్థానీ రాగములలో నొక్కొక్కదానికి లక్షణముగా నిర్ణయించి ప్రచారము చేసినవాడు విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860-1936). రాగమున ముఖ్యముగా నిలువదగిన స్వరము వాది. దాని తరువాత ప్రాధాన్యము వహించి దానికి బదులు పలుకునది సంవాది.

బదులు పలుకుట యన నేమి? రెండు స్వరములు కలిసినప్పుడు చెవికి హితముగా నుండుటయే. మన షడ్జము క్షణమునకు 240 కంపనములు గలదనుకొందము. అప్పుడు గాంధారము 300, పంచమము 360, ధైవతము 400 కంపనములు గలదగును. 300కును 400కును గల నిష్పత్తి మూటికి నాలుగు. ఇది స-మల నడుమ నుండు మైత్రియే. ఇరువదిరెండు శ్రుతుల లెక్కలో నీ దూరము తొమ్మిది శ్రుతులు. సంవాదులకు తొమ్మిది గాని పదుమూడు గాని శ్రుతుల యంతర ముండవలెనని ప్రాచీనులు చెప్పినది దీనినే. కావున గ, ధ లనునవి సహజముగనే జంట. ఈ జంటలో నెవరు రాజు, ఎవరు మంత్రి యనునదే మిగిలిన ప్రశ్న.

భూపాలీలో గాంధారము వాది, ధైవతము సంవాది. దేశ్‌కార్‌లో ధైవతము వాది, గాంధారము సంవాది. భేదమునకు మూలమిదియే. గాంధారము స్థాయిలో క్రిందిసగమున నున్నది; దానిని పూర్వాంగ మందురు. ధైవతము పైసగమున, అనగా ఉత్తరాంగమున నున్నది. పూర్వాంగమున వాది గల రాగములు మధ్యాహ్నము మొదలు అర్ధరాత్రము వఱకును, ఉత్తరాంగమున వాది గలవి అర్ధరాత్రము మొదలు మధ్యాహ్నము వఱకును బాడదగినవని భాత్‌ఖండే నియమము. దాని ననుసరించియే భూపాలీ రాత్రి తొలిజామున, దేశ్‌కార్ ఉదయమున బాడబడును.

ఇక వాది గాయకుని మనోధర్మమునకు దారిచూపు విధమును భూపాలీ ఆలాపనలో జూతము. దీర్ఘముగా వ్రాసిన స్వరముకడ నిలువవలెనని గ్రహింపుడు.

మొదట షడ్జముపై నిలిచి, మంద్రస్థాయి ధైవతమునకు దిగి మరలవలెను: స, మంద్ర ధ, సా, స రి సా. ఇంతవఱకు గాంధారమును చూపనే కూడదు. శ్రోత దానికై వేచియుండవలెను. పిమ్మట స రి గా యని దానిని చేరి, నాలుగు మాత్రల కాలము కదలక నిలిచి, గ రి సా యని దిగవలెను. మంద్ర ధ స రి గా యని మరియొక త్రోవను మరల నచ్చటికే రావలెను. మూడవ మెట్టున పంచమమును చేర్చుకొందురు. కాని పంచమముపై కాపురముండరాదు. దానిని తాకి గాంధారముపైకి జారవలెను: గ ప గా, రి గ ప గా. ఈ ప-గల జాఱుడు భూపాలీకి ప్రాణము. నాలుగవ మెట్టున ధైవతమును చూపి మరల గాంధారమునకే దిగవలెను: గ ప ధ ప గా. అయిదవ మెట్టున తారషడ్జమును జేరి, తార స ధ ప గా, రి సా యని యిల్లు చేరవలెను.

ఈ అయిదు మెట్లలోను క్రొత్తగా వచ్చిన ప్రతి స్వరమును గాంధారమునకు గప్పము చెల్లించి పోవుచున్నదని గమనింపుడు. వాది యనగా మాటిమాటికి పలుకు స్వరమని కొందఱు తలంతురు. అది పొరపాటు. లెక్కకు రిషభము గాంధారముకంటె నెక్కువమాఱులు వచ్చినను రావచ్చును. పలుకు ఎచ్చటికి పోవుచున్నది, ఎచ్చట విశ్రమించుచున్నది యనునదే వాదిని తెలుపును.

సంవాది చేయు పని మరియొకటి. గాంధారముచుట్టు అల్లిన పలుకును ధైవతముచుట్టు మరల నల్లవచ్చును. రి గ ప గా యను పలుకును దీసికొనుడు. దానిలో ప్రతి స్వరమును తొమ్మిది శ్రుతులు పైకెత్తినచో ప ధ తార స ధా యగును. స్వరముల నడిమి దూరములు రెంటను సమానములే. క్రింద పలికిన మాటకు పైనుండి ప్రతిధ్వని వచ్చినట్లుండును. గాయకునికి క్రొత్తపలుకు తోచనప్పు డిది గొప్ప యాధారము.

అపాయమును ఇచ్చటనే యున్నది. మేము నేర్చుకొను దినములలో ఈ ప్రతిధ్వని మాకు మిక్కిలి ముద్దుగా దోచెను. ఒకనాటి సాయంకాలము భూపాలీ పాడుచు తారషడ్జమును జేరి, తార స ధా, ప. గ ప ధా యని పైననే విహరింపసాగితిమి. మా గురువుగారు తంబురా మీటుట మానక, "తెల్లవాఱినదా, నాయనలారా?" అని యడిగిరి. మే మొక్క తప్పుస్వరమైనను పలుకలేదు. ఐనను రాగము చేయిజాఱిపోయెను. మంత్రి సింహాసనమెక్కెను; భూపాలీ దేశ్‌కార్ ఆయెను. గురువుగారు చూపిన దిద్దుబాటు చిన్నది. ప ధ తార స ధ యని ప్రతిధ్వనిని పలుకవచ్చును గాని, ఆ ధైవతముపై నొక మాత్రకంటె నిలువక, వెంటనే ధ ప గా యని దిగి, గాంధారముపై నాలుగు మాత్రలు నిలువవలెను. అట్లు చేయగా రాజు మరల రాజే, మంత్రి మరల మంత్రియే.

దేశ్‌కార్ పాడునప్పుడు వ్యవహార మంతయు తలక్రిందగును. షడ్జమునుండి దాదాపుగా తిన్నగా ధైవతమునకు లేచి అచ్చట నిలుతురు: స, ధా, ధ ప, గ ప ధ ప, గ రి స. పాటలో నధికభాగము పంచమమునకును తారషడ్జమునకును నడుమ నడచును. మంద్రస్థాయిలో భూపాలీకున్నంత పని దీనికి లేదు. రిషభము దుర్బలము, ఆరోహణమున స గ ప ధ యని దానిని దాటిపోవుట సామాన్యము, అవరోహణమున దానిపై నిలువరాదు. కారణము స్పష్టమే. రిషభము గాంధారమునకు మెట్టు. దానిని బలముగా పలికి స రి గా యన్నచో శ్రోత చెవి భూపాలీకి పోవును. చూడుడు, వాది మాఱుటచే నొక స్వరముయొక్క బలమే కాదు, దాని యిరుగుపొరుగు స్వరముల బలమును మాఱినది.

ఈ నియమమునకు హద్దులును గలవు. సంవాదికి తొమ్మిది లేక పదుమూడు శ్రుతుల దూర ముండవలెనను సూత్రము ప్రతి రాగమునను నిలువదు. మార్వా రాగమునకు కోమల రిషభము వాదియనియు, శుద్ధ ధైవతము సంవాదియనియు పలువురు చెప్పుదురు. ఆ రెంటి నడుమ నట్టి మైత్రి లేదు. కొన్ని రాగముల వాదిని గూర్చి ఘరానాల నడుమనే అభిప్రాయభేదములు గలవు. మన కర్ణాటక సంగీతమున రాగభేదమును వాది సంవాదులచే నిర్ణయించు వాడుక లేదు. జీవస్వరములు, న్యాసస్వరములు, గమకములు, సంచారములు ఆ పని చేయును. అందుచేతనే మోహనమున గాంధార ధైవతములు రెంటిపైనను విరివిగా నిలిచి పాడినను రాగము చెడదు. మోహనము బాగుగా వచ్చినవారే భూపాలీలో తొలుత తడబడుటకు కారణ మిదియే.

కడపట విద్యార్థులకు ఒక అభ్యాసము. ఇద్దఱు కూర్చుండి, ఒకరు ఈ యైదు స్వరములతో భూపాలీ పాడవలెను. రెండవవారు కాగితముపై, పాడువారు ప్రతి ఊపిరి చివరను ఏ స్వరముపై నాగిరో అది మాత్రము వ్రాయవలెను. ఇరువది ఊపిరులు ముగిసిన పిదప కాగితమును జూడుడు. గ, స లధికముగా నుండి, అక్కడక్కడ రి, ప లున్నచో పాట దారితప్పలేదు. ధ, ప లధికముగా నున్నచో పాడినవారు తాము భూపాలీ పాడితిమని యెంత చెప్పినను, కాగితము దేశ్‌కార్ అనియే సాక్ష్యము చెప్పును. అప్పుడు పాత్రలు మార్చుకొని, మంద్ర ధ స రి గా యని మొదటినుండి మరల నారంభింపవలెను.