ఇంటర్వ్యూ కాగితం మీద ఏం రాయాలి

పాలకుర్తిలో ఒక రైతు సంఘానికి లెక్కలు రాసే మనిషి కోసం ముగ్గురం కూర్చున్నాం. ఆ పూట నేర్చుకున్నవి ఇవి.

1. చూసింది వేరు, అనుకున్నది వేరు. మొదటి అమ్మాయి రాగానే "ధైర్యం తక్కువ" అని రాసుకున్నాను. అది నా ఊహ. నేను చూసింది, మొదటి ప్రశ్నకు ఆగి ఆగి చెప్పడం మాత్రమే. తర్వాత పన్నెండు రసీదులు, క్యాష్‌బుక్ పేజీ ఇచ్చి సరిచూడమన్నాం. పుస్తకంలో నిల్వ చేతిలో ఉన్న నగదు కంటే 1,450 రూపాయలు ఎక్కువ. పావుగంటలో ఒక రసీదు మీద వేలు పెట్టి, "ఇది రెండుసార్లు ఎక్కింది సార్. కొట్టేయొద్దు, ఎదురు ఎంట్రీ రాయాలి" అన్నది. నా మొదటి వాక్యం కొట్టేసి ఈ మాటే ఉన్నదున్నట్టు రాశాను. రేపు ఎవరైనా "ఎందుకు తీసుకున్నారు?" అని అడిగితే చూపించేది అదే.

2. మార్కుకు అర్థం ముందే రాసిపెట్టుకోవాలి. తేడా ఉందని కనిపెడితే 1, ఏ రసీదో చెబితే 3, ఎలా దిద్దాలో కూడా చెబితే 5. మనిషిని చూశాక కొలత పెట్టుకుంటే నచ్చినవాళ్లకు సరిపోయేట్టు అది సాగుతుంది.

3. మాట్లాడుకోకముందే ఎవరి కాగితం వాళ్లు ఇచ్చేయాలి. రెండో అభ్యర్థి బయటికి పోగానే మాలో పెద్దాయన "మనోడే, మంచిగుంటడు" అన్నాడు. నా పక్కాయన పెన్ను 3ను 5గా దిద్దడం కళ్లారా చూశాను. ఆయన తప్పు కంటే మేం పెట్టుకున్న వరస తప్పు. మూడో అభ్యర్థి నుంచి ముందు కాగితాలు, తర్వాతే మాటలు.

4. అడగనిదాన్ని రాదని రాయొద్దు. ఒకరికి "జీఎస్టీ తెలియదు" అని ఉంది. ఎవరు అడిగారంటే ఎవరూ అడగలేదు. అక్కడ "అడగలేదు" అనే రాయాలి.

5. ఇంటి సంగతులు కాగితం ఎక్కొద్దు. 1980లో అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది ఇదే. శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్లకు రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ, అందులో తల్లిదండ్రులెవరు, ఇల్లెక్కడ అనే ప్రశ్నలు. అది నిరంకుశమని కోర్టు తప్పుపట్టింది. మా దగ్గర "పెళ్లయింది, పక్క ఊరి నుంచి రావాలి" అని ఒకరు రాశారు. పనికి కావాల్సింది తొమ్మిదింటికి రావడం. అదే అందరినీ ఒకే మాటల్లో అడిగి, వచ్చిన జవాబు రాస్తే చాలు.

6. ఒక పూటలో తేలనివీ ఉంటాయి. నగదు దగ్గర నమ్మకం అలాంటిది. "నమ్మకస్తురాలిగా కనిపించింది" అని రాయబోయి ఆగాను. ఆ గడి ఖాళీగా ఉంచి, "పాత పనిచోట కనుక్కోవాలి" అని పక్కన రాశాను.