మేత కొట్టుకు ల్యాబ్ కుర్రాడి ప్రతిపాదన

గూడూరు పక్కనే హైవే మీద ఉండే చిల్లకూరు నుంచి తూర్పుకు, సముద్రం వైపు వెళ్లే కొద్దీ రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంట మీద ఎన్నో వ్యాపారాలు బతుకుతాయి. సీడ్ తెచ్చేవాళ్లు, మేత కొట్టు, మందుల షాపు, ఏరియేటర్ మెకానిక్, నీటి పరీక్షల ల్యాబ్, చివర్లో పట్టుబడికి వచ్చే కొనుగోలుదారు. అందరికీ గిరాకీ ఇచ్చేది ఒకే రైతు. ప్రచారం మాత్రం ఎవరికి వారే చేసుకుంటారు.

అక్కడ ఒక కుర్రాడు చిన్న ల్యాబ్ పెట్టాడనుకుందాం. నీటిలో పీహెచ్, ఉప్పు శాతం, ఆల్కలినిటీ, అమ్మోనియా చూస్తాడు. రొయ్యను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాడు. పని వచ్చు గాని ఊళ్లలో పరిచయం లేదు. పరిచయం ఉన్నవాళ్లతో కలిసి ప్రచారం చేయాలి. ఎవరిని అడగాలి?

ముందు తోచేది మందుల షాపు. అక్కడికే వెళ్లకూడదని నా అభిప్రాయం. ఒకరు జబ్బు చెప్పి మరొకరు మందు అమ్మితే, ఇద్దరి పేర్లూ ఒకే కరపత్రం మీద చూసిన రైతు మొదట అనుమానించేది రిపోర్టునే. మేత కొట్టు సంగతి వేరు. రొయ్యల సాగు ఖర్చులో సగం, ఒక్కోసారి అంతకు మించి, మేతకే పోతుంది. చాలామంది దాన్ని పట్టుబడి దాకా అప్పు మీదే తెచ్చుకుంటారు. నలభయ్యో రోజున వైట్ స్పాట్ వస్తే గుంటతో పాటు కొట్టు ఖాతా కూడా మునుగుతుంది. పంట నిలవాలని రైతు తర్వాత అంతగా కోరుకునేది మేత కొట్టు యజమానే. ప్రతిపాదనకు పునాది అక్కడుంది.

మనలో చాలామంది అడిగే తీరు ఇలా ఉంటుంది: "అన్నా, మీ కొట్టు ముందర మా బోర్డు పెట్టుకోనీండి. మీ రైతులకు మా గురించి ఒక మాట చెప్పండి." ఇది సాయం అడగడం. దానికి వచ్చే జవాబు "చూద్దాంలే అబ్బయా". పెద్దవాళ్లు కాదనడానికి వాడే మర్యాద మాట అది. ఆ అన్నకు ఏం ఒరుగుతుందో ఇందులో ఎక్కడా లేదు మరి.

అడగబోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇద్దరి ఖాతాదారుల్లో ఎంతమంది ఒకరేనో లెక్క తేల్చాలి. పేర్లు ఇచ్చిపుచ్చుకోనక్కర లేదు, అది రైతుకు నచ్చదు కూడా. ఊరి పేరు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు రాసుకున్న రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ల్యాబ్ పుస్తకంలో 40 మంది, మేత ఖాతాలో 90 మంది, రెండింట్లోనూ ఉన్నది 15 మంది అనుకుందాం. అంటే మేత కొనేవాళ్లలో 75 మంది ఈ ల్యాబ్‌కు రావడం లేదు. ల్యాబ్‌కు వచ్చేవాళ్లలో 25 మంది మేత మరోచోట కొంటున్నారు. ఉమ్మడి 15 మంది ఎందుకు ముఖ్యమంటే, రెండు చోట్లా ఒకే రకం రైతు వస్తున్నాడని వాళ్లే రుజువు. ఆ సంఖ్య ఒకటో రెండో అయితే ఈ పొత్తు మీద ఖర్చు పెట్టకపోవడం మంచిది. ఒకరి రైతులు కోట వైపు, మరొకరి రైతులు వాకాడు వైపు ఉన్నారేమో ముందు చూసుకోవాలి.

ఇప్పుడు మాట ఇలా మొదలవుతుంది: "అన్నా, మీ ఖాతాలో 75 మంది మా దగ్గర నీళ్లు చూపించుకోవడం లేదు. వేరే చోట చూపిస్తున్నారో లేదో మీకే తెలియాలి. చూపించని వాళ్ల దగ్గర మీ బాకీ గాల్లో దీపమే. పిల్ల వదలడానికి మూడు వారాల ముందు రెండు ఊళ్లలో కలిసి రైతు సమావేశం పెడదాం. మీ రైతులకు మొదటి పరీక్ష ఉచితంగా చేస్తా. మా 25 మందికి మీ కొట్టు గురించి చెప్తా." ఇందులో పొగడ్త గాని ప్రాధేయపడటం గాని లేదు. ఆయన లెక్కే ఆయన ముందుంది.

పని పంచుకోవడం దగ్గర 'చెరి సగం' అనేయడం తేలిక, కానీ అది కుదరదు. ఎవరి చేతిలో ఏముందో చూసి పంచాలి. రైతు కదిలేది కొట్టు యజమాని ఫోన్ చేస్తేనే. కాబట్టి పిలుపులు ఆయన పని. కరపత్రం రాయడం, మైక్రోస్కోపు తెచ్చి చూపించడం, టెంటు, కుర్చీలు, భోజనాల ఏర్పాట్లు కుర్రాడివి. లాభం అతనికే ఎక్కువ కనబడుతోంది గనుక శ్రమ కూడా అతనిదే ఎక్కువ. రెండు సమావేశాలకు 18,000 రూపాయలు అవుతాయనుకుంటే కొట్టు 12,000, ల్యాబ్ 6,000 వేసుకోవచ్చు. ఉచిత పరీక్షకు 40 మంది వస్తారనుకుని, ఒక్కోదానికి రసాయనాల ఖర్చు 150 చొప్పున మరో 6,000 ల్యాబ్ భరిస్తుంది. రెండు వైపులా 12,000 అయింది. ఇక్కడో చిక్కుంది. పరీక్షకు బయట తీసుకునేది 400 కదా అని ఆ ఉచిత పరీక్షల ఖర్చును 16,000గా చూపాలని కుర్రాడికి అనిపిస్తుంది. అలా రాస్తే పెద్దాయన ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు, ఆ తర్వాత మిగతా లెక్కలేవీ నమ్మడు. చేతి నుంచి పోయే డబ్బే రాయాలి.

అందరూ దాటవేసే ప్రశ్న ఇంకొకటుంది. అమ్మోనియా పెరిగింది, నాలుగు రోజులు మేత తగ్గించమని ల్యాబ్ చెప్పాల్సి వస్తే? కొట్టుకు ఆ మేరకు అమ్మకం తగ్గుతుంది. మరొకటి ఇంకా పదునైనది. రిపోర్టు కొట్టు యజమాని చేతికి వెళితే, జబ్బు జాడ కనబడగానే ఆయన అప్పు ఆపేయవచ్చు. ఈ సంగతి ఒక్క రైతుకు తెలిసినా ఆ ఊళ్లో ఎవరూ నీళ్లు చూపించుకోరు. అందుకే ఒప్పంద కాగితంలో మొదటి వాక్యంగా ఇది రాయాలి: రిపోర్టు రైతుకే, ఆయన సమ్మతి లేకుండా కొట్టుకు ఇవ్వం. కొట్టు కూడా తన షరతు పెట్టుకోవాలి: ల్యాబ్ పంపిన రైతు అని చెప్పి అప్పు అడిగితే ల్యాబ్ పూచీ ఉండదు, తానే విచారించుకుని ఇస్తాడు. ఎందుకంటే మేత కొట్టు మార్చే రైతుల్లో కొందరు పాత కొట్టులో బాకీ పెట్టి వచ్చేవాళ్లు. ఈ రెండు షరతులూ వినగానే పెద్దాయన ముఖం చిట్లిస్తే పొత్తు అక్కడే ఆపేయడం నయం. సమావేశం పెట్టాక విడిపోతే ఆ సంగతి ఊరంతా తెలుస్తుంది.

ఎవరి వల్ల ఎవరొచ్చారో తెలిసేందుకు రంగు చీటీలు చాలు. కొట్టు పంపినవాళ్లకు పసుపు, ల్యాబ్ పంపినవాళ్లకు ఆకుపచ్చ. 1991లో ఇంటెల్ కంపెనీ కంప్యూటర్ తయారీదార్ల ప్రకటనల ఖర్చులో భాగం పంచుకున్నప్పుడు కూడా తన గుర్తు ఆ ప్రకటనలో కనబడాలన్న షరతు పెట్టింది. డబ్బు పంచుకున్న చోట ఆనవాలు ఉండాలన్నది అంత పెద్ద కంపెనీకీ తప్పలేదు.

గడువు ఒక పంట, అంటే సుమారు నాలుగు నెలలు. చివర్లో 30 పసుపు చీటీలు వచ్చాయి, వాళ్లలో 12 మంది డబ్బిచ్చి మళ్లీ మళ్లీ వచ్చారు అనుకుందాం. ఒక్కొక్కరు పంటలో 12 సార్లు పరీక్ష చేయించుకుంటే, ఒక్కోదానికి 250 మిగులు చొప్పున ల్యాబ్‌కు 36,000. ఆకుపచ్చ చీటీతో మేతకు వచ్చినవాళ్లు నలుగురే, వాళ్లలో ఒకరికి కొట్టు అప్పు ఇవ్వలేదు. తూకం ల్యాబ్ వైపు వంగిందని చీటీలే చెబుతున్నాయి. రెండో పంటకు కూర్చున్నప్పుడు ఆ మాట పెద్దాయన చేత అనిపించుకోకుండా కుర్రాడే చెప్పాలి: "అన్నా, ఈసారి సమావేశాల ఖర్చులో 12,000 నాది, 6,000 మీది. పిలుపులు మాత్రం మీరే చేయాల."