కరిగేది కిందికి, కరగనిది పైకి
(పర్యావరణ శాస్త్రం విద్యార్థులకు కొన్ని నోట్సు)

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కుర్రాళ్ళు అడిగినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. క్లాసులో ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న చాలా రోజులుగా నా మనసులో ఉంది. ఆ రోజు పాఠం ఓజోన్ పొర. క్లోరిన్ పరమాణువు ఓజోన్‌ను ఎట్లా విడగొడుతుందో బోర్డు మీద రాస్తున్నాను. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. వాళ్ళది సముద్రం పక్క ఊరు, ఇంట్లో ఉప్పు కయ్యలున్నాయి.

"సార్, ఉప్పంటే సగానికి పైగా క్లోరినే గదా. ఇంత సముద్రం ఉంది, ఇన్ని కయ్యలున్నాయి. దీనివల్ల పోని ఓజోన్, ఫ్రిజ్‌లో ఉండే గుప్పెడు గ్యాసుకు పోతుందా? అదెట్టా?"

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అది చాలా మంచి ప్రశ్న. అందులో ఓజోన్ పాఠం, ఆమ్ల వర్షం పాఠం రెండూ ఇమిడి ఉన్నాయి. సిలబస్‌లో ఈ రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి చాలామంది పరీక్షలో ఒకదాని కారణాలు రెండోదాని కింద రాసేస్తారు. నిజానికి ఈ రెంటినీ విడదీసేది ఒకే ఒక గుణం. అది నీటిలో కరగడం.

వాన అనే జల్లెడ

గాలిలోకి పోయిన ప్రతి పదార్థానికీ వాన ఒక జల్లెడ. నీటిలో కరిగేదాన్ని అది కొద్ది రోజుల్లోనే కిందికి దింపేస్తుంది. అలల తుంపర నుంచి లేచే ఉప్పు కణాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి ఇట్లాంటివే. మన ప్రాంతంలో మేఘాలూ వానా ఉండే గాలి పొర సుమారు 16, 17 కిలోమీటర్ల ఎత్తుదాకా ఉంటుంది. ఓజోన్ ఎక్కువగా ఉండేది దానిపైన, 25 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఉప్పులోని క్లోరిన్ అంత ఎత్తుకు చేరకముందే వానలో దిగిపోతుంది. ఆ అబ్బాయి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

రెండో సగం జవాబు క్లోరోఫ్లోరో కార్బన్లు, అంటే సి.ఎఫ్.సి.లు. పాత ఫ్రిజ్‌లలోనూ, స్ప్రే డబ్బాలలోనూ వాడింది వీటినే. ఇవి నీటిలో దాదాపు కరగవు, మండవు, దేనితోనూ కలవవు. పారిశ్రామికులకు అవి నచ్చింది కూడా ఈ గుణం చూసే. కరగనిదాన్ని వాన దింపలేదు. సి.ఎఫ్.సి.-12 గాలిలో సుమారు నూరేళ్ళు ఉంటుంది. అంత కాలంలో గాలితోపాటు మెల్లగా పైకి పోతుంది. గమనించవలసిన విషయం ఏమిటంటే, కింది గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కేది ముఖ్యంగా మనలాంటి ఉష్ణమండలం మీదనే. అక్కడినుంచి అది ధ్రువాల వైపు సాగుతుంది.

ఇది పుస్తకంలోని మాట మాత్రమే కాదు. 1987లో హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూన్ కేంద్రం నుంచి అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలవారు, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థవారు కలిసి ఒక బెలూన్ ఎగరేశారు. అది అతిశీతలంగా ఉంచిన సీసాలలో వేర్వేరు ఎత్తుల గాలిని పట్టి తెచ్చింది. తర్వాత సంవత్సరాల్లోనూ ఈ ప్రయోగం చేశారు. ఆ గాలిలో సి.ఎఫ్.సి.లు ఉన్నాయి. పైపైకి పోయినకొద్దీ అవి తగ్గుతూ వచ్చాయి. కింద దేనికీ చెదరని పదార్థం అక్కడ విరుగుతున్నదన్నమాట.

పైన జరిగేది

దాన్ని విరగ్గొట్టేది అతినీలలోహిత కిరణం. విరిగినప్పుడు క్లోరిన్ పరమాణువు బయట పడుతుంది. ఆ తర్వాత జరిగే చర్య ఇది:

Cl + O₃ → ClO + O₂
ClO + O → Cl + O₂

రెండో వరుస చివర చూడండి. మొదట ఉన్న Cl మళ్ళీ వచ్చింది. ఓజోన్ పోయింది, క్లోరిన్ మిగిలింది. దీన్నే ఉత్ప్రేరక చర్య అంటాం. ఒక్క క్లోరిన్ పరమాణువు వేరే పదార్థంలో చిక్కుకునేలోగా వేల, ఒక్కోసారి లక్ష దాకా ఓజోన్ అణువులను విడగొట్టగలదు. గుప్పెడు గ్యాసుకు అంత శక్తి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది గదా! ఈ సంగతిని మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1974లోనే చెప్పారు. దక్షిణ ధ్రువం మీద ఓజోన్ బాగా పలచబడిందని బ్రిటిషు శాస్త్రజ్ఞులు కొలిచి చూపింది 1985లో.

మరి రంధ్రం ధ్రువం మీదనే ఎందుకు, నెల్లూరు మీద ఎందుకు లేదు? అక్కడ చలికాలంలో స్ట్రాటోస్ఫియర్ సున్నాకు 78 డిగ్రీలకన్నా దిగువకు చల్లబడి మంచు మేఘాలు ఏర్పడతాయి. చిక్కుపడి ఉన్న క్లోరిన్‌ను ఆ మేఘాల ఉపరితలం విడుదల చేస్తుంది. వసంతంలో సూర్యుడు రాగానే అదంతా ఒక్కసారిగా ఓజోన్ మీద పడుతుంది. మనకు ఆ మేఘాలు లేవు. ఉష్ణమండలంలో మొత్తం ఓజోన్ పెద్దగా తగ్గలేదు. కాబట్టి "మన జిల్లాలో ఓజోన్ రంధ్రం వల్ల ఎండలు పెరిగాయి" అని రాస్తే మార్కులు పోతాయి. ఓజోన్ తగ్గితే పెరిగేది వేడి కాదు, అతినీలలోహిత కిరణం. దాని ఫలితాలు చర్మ కాన్సరు, కంటి శుక్లాలు, పైర్లకూ సముద్రంలోని సూక్ష్మజీవులకూ హాని.

1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. సి.ఎఫ్.సి.ల వాడకం 2010 నాటికి దాదాపు ఆగిపోయింది. అయినా ఇదివరకే పైకి పోయింది దిగిరావాలి. దక్షిణ ధ్రువం మీద పొర 1980 నాటి స్థితికి రావడానికి 2066 దాకా పట్టవచ్చని అంచనా. కరగని పదార్థంతో చిక్కు అదే.

కింద జరిగేది

ఇక కరిగేదాని సంగతికి వద్దాం. మన ముత్తుకూరు వైపు నేలటూరులో, కృష్ణపట్నం దగ్గర, బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలున్నాయి. 800 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా పూర్తిగా నడిస్తే సుమారు 10,000 టన్నుల బొగ్గు కావాలి. మన బొగ్గులో గంధకం తక్కువే. లెక్క కోసం అర శాతం అనుకుందాం. అంటే రోజుకు 50 టన్నుల గంధకం. గంధకపు పరమాణు భారం 32, దానితో కలిసే రెండు ఆక్సిజన్ పరమాణువుల భారమూ 32. కాబట్టి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ రెట్టింపు, అంటే 100 టన్నులు. అదంతా గాలిలో ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి పూర్తిగా మారితే 150 టన్నుల పైచిలుకు గంధకామ్లం. వాహనాల పొగలోని నత్రజని ఆక్సైడ్లు నత్రికామ్లాన్ని కలుపుతాయి.

ఈ లెక్క చెప్పాక మరుసటి వానకు మా విద్యార్థులు పి.హెచ్. కాగితం తీసుకుని డాబా ఎక్కారు. కాగితం రంగు అయిదుకూ ఆరుకూ మధ్య చూపింది. "సార్, ఆమ్ల వర్షం!" అని పరుగెత్తుకొచ్చారు. కాదని చెప్పవలసి వచ్చింది. ఏ కాలుష్యమూ లేని వానలో కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి పి.హెచ్. 5.6 దగ్గర ఉంటుంది. అంతకంటే దిగువకు స్పష్టంగా దిగితేనే ఆమ్ల వర్షం అనాలి. పైగా వాన నీటిలో లవణాలు చాలా తక్కువ. అట్లాంటి నీటికి కాగితం సరిగా పలకదు, మీటరు కావాలి. డాబా గొట్టం నుంచి పట్టిన నీరైతే సిమెంటులోని సున్నం కలిసి పి.హెచ్. పెరుగుతుంది. శుద్ధజలంతో కడిగిన ప్లాస్టిక్ గిన్నెను వాన మొదలైన తర్వాతనే తెరిచి పెట్టాలి. మొదటి పది నిముషాల నీటినీ, తర్వాతి నీటినీ విడివిడిగా పట్టి, ఆ రోజే కొలవాలి.

అట్లా విడిగా పట్టడం ఎందుకంటే, మన దేశంలో గాలి నిండా దుమ్ము. ఆ దుమ్ములో కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపు అంశ ఉంటుంది. అది ఆమ్లాన్ని చంపేస్తుంది. రొయ్యల గుంటలో పి.హెచ్. పడిపోతే మనవాళ్ళు సున్నం చల్లుతారు గదా, ఆ పనే దుమ్ము ఆకాశంలో చేస్తుంది. మొదటి జల్లు దుమ్మును కడుగుతుంది. ముసురు సాగినకొద్దీ సున్నం అయిపోయి ఆమ్లం బయటపడవచ్చు. స్వీడన్, నార్వేలకు ఈ రక్ష లేదు. నేల గ్రానైటు, గాలిలో సున్నం తక్కువ. బ్రిటన్‌లో చిమ్నీలు ఎత్తు చేస్తే పొగ సముద్రం దాటి వాళ్ళ మీద వానగా పడింది. సరస్సుల పి.హెచ్. అయిదుకు దిగువకు పోయి, నేలలోని అల్యూమినియం కరిగి చేపల మొప్పలను దెబ్బతీసింది. ఎత్తయిన చిమ్నీ పొగను పంచుతుందే గాని తగ్గించదు.

తగ్గించేది సున్నపురాయి ముద్దతో పొగను కడిగే యంత్రం. మళ్ళీ కరగడమే! ప్రభుత్వం 2015 డిసెంబరులో గంధకపు పొగకు పరిమితి పెట్టింది. 2025 జూలైలో పెద్ద నగరాలకు దూరంగా ఉన్న కేంద్రాలలో చాలావాటికి, చిమ్నీ ఎత్తు షరతుతో, దాన్ని సడలించింది. మన బొగ్గులో గంధకం తక్కువ, వానలో ఆమ్లం లేదు అనే వాదం వినిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త పడాలి. వాన పి.హెచ్. బాగుందంటే గంధకం లేదని కాదు, సున్నంతో కలిసి సల్ఫేటుగా మారిందని. వాన లేని రోజుల్లో ఆ సల్ఫేటు సన్నని కణాలు, విడి గ్యాసు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. చిమ్నీ కింది ఊళ్ళవాళ్ళకు వాన పి.హెచ్. ఒక్కటే జవాబు కాదు.

రెండూ కలిసేచోటు

చివరగా, ఆ అబ్బాయే మరో రోజు అడిగాడు. "శ్రీహరికోట రాకెట్టు సంగతేంది సార్?"

పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు అమ్మోనియం పెర్‌క్లోరేట్. 117.5 భాగాల పెర్‌క్లోరేట్ నుంచి 36.5 భాగాల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది. లెక్క వేస్తే సుమారు 29 టన్నులు. కింద విడుదలైనది తేమలో కరిగి దిగిపోతుంది. అమెరికాలో షటిల్ వేదిక పక్కన మడుగులో ఈ ఆమ్లానికి చేపలు చచ్చిపోయినట్టు నమోదు చేశారు. కాని రాకెట్టు 16 కిలోమీటర్లు దాటాక వదిలేదానికి వాన అనే జల్లెడ లేదు. అక్కడ అది నేరుగా ఓజోన్ దగ్గరే పడుతుంది. ప్రపంచంలోని రాకెట్లన్నీ కలిసి చేసిన నష్టం ఇంతవరకు శాతంలో పదోవంతుకు మించదని అంచనా. ప్రయోగాలు పెరిగితే లెక్క మారుతుంది.

కనుక పరీక్ష హాల్లో సందేహం వస్తే రెండే ప్రశ్నలు వేసుకోండి. ఈ పదార్థం నీటిలో కరుగుతుందా? దాన్ని ఏ ఎత్తులో వదిలారు? జవాబు ఏ పాఠం కింద రాయాలో మీకే తెలుస్తుంది.