మొదటి సంవత్సరపు పరిశోధకునికి నాలుగు మాటలు

పీహెచ్.డి.లో చేరిన విద్యార్థి చెవిని తొలి నెలలోనే నాలుగు ఆంగ్ల పదాలు పదేపదే తాకుతాయి. అవి ఆబ్‌స్ట్రాక్ట్, పీర్ రివ్యూ, ప్లేజియరిజం, వైవా. అందరికీ తెలిసినవే అన్నట్లు పెద్దలు వాటిని వాడుతారు. తెలియదని చెప్పుకోవడానికి విద్యార్థి సిగ్గుపడతాడు. మన కళాశాల నుండి రేపు విశ్వవిద్యాలయానికి పోయే వారి కోసం ఈ నాలుగింటినీ ఇక్కడ విప్పి చెప్పదలచాను. నిర్వచనాలు వల్లించడం కంటే ఒక ఉదాహరణను పట్టుకొని నడవడం మేలు.

గోదావరిఖని విద్యార్థి ఒకడు 'బొగ్గుబాయి కార్మికుల మాటలలో ఉర్దూ పదాలు' అన్న విషయం తీసుకున్నాడనుకుందాం. విద్యార్థీ ఊహ, అతని లెక్కలూ ఊహ. మాటలు మాత్రం నిజమైనవే. సర్దార్, హాజరు, బదిలీ వంటి పదాలు మన ఇళ్ళలో రోజూ వినిపించేవే కదా.

ఆబ్‌స్ట్రాక్టును తెలుగులో సంగ్రహం అనవచ్చును. ఉర్దూలో ఖులాసా లేక తల్ఖీస్ అంటారు. ఇది పీఠిక కాదు. మన విద్యార్థి మొదట ఇట్లా వ్రాశాడు: "సింగరేణి ప్రాంతం నల్లబంగారానికి పుట్టినిల్లు. ఇచ్చటి భాషలో ఉర్దూ పదాల ప్రాముఖ్యం ఈ వ్యాసంలో చర్చించబడినది." ఇందులో చర్చ జరిగిందన్న వార్తే గాని, ఏమి తేలిందో లేదు. గురువు దిద్దించిన పిదప ఇట్లా అయినది: "భూగర్భ గనులలో పనిచేసి విరమించిన 40 మందిని అడిగి 210 వృత్తి పదాలు సేకరించాను. వాటిలో 64 ఉర్దూ ద్వారా వచ్చినవి. ఈ 64లో 19 పదాలకు గనిలో అర్థం మారింది. ఓపెన్‌కాస్టు గనుల వారిని అడగలేదు." ఏమి అడిగాడు, ఎవరిని అడిగాడు, ఏమి తేలింది, ఎంతవరకు తేలలేదు అన్నవన్నీ ఇందులో ఉన్నవి. అందుచేత సంగ్రహం మొదట అచ్చయినా, చివరనే వ్రాయవలసి వస్తుంది.

ఇక ప్లేజియరిజం. తెలుగులో గ్రంథచౌర్యం అంటాము. ఉర్దూ విమర్శకులకు ఈ విషయంలో రెండు చక్కని మాటలున్నవి: సర్ఖా అంటే దొంగిలించుట; తవారుద్ అంటే ఒకరిని ఒకరు ఎరుగకయే ఇద్దరికీ ఒకే భావం తట్టుట. ఈ భేదం తెలిసినవానికి నేటి నిబంధనలు సులువుగా బోధపడతాయి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో ఈ విషయమై నిబంధనలు చేసింది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుండి 40 శాతం వరకు ఉంటే 6 నెలలు మించని గడువులో సవరించి మళ్ళీ సమర్పించవలెను. 40 దాటి 60 వరకు అయితే ఒక సంవత్సరం పాటు సవరించిన ప్రతిని సమర్పించరాదు. 60 దాటితే నమోదే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. యాదృచ్ఛికంగా వరుసగా 14 పదాల వరకు కలిసినా లెక్కించరు. అది తవారుద్‌కు ఇచ్చిన మినహాయింపు అనుకోవచ్చును.

అయితే యంత్రం చూసేది అక్షరాల పోలికను మాత్రమే. మన కళాశాల వంటి రెండు భాషల చోట అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉన్నది. ఉర్దూ పుస్తకంలోని నాలుగు పేజీలను ఒకడు చక్కని తెలుగులోకి మార్చి తన పేరు పెట్టుకున్నాడనుకోండి. యంత్రం సున్నా శాతం చూపవచ్చును. అయినా అది సర్ఖాయే. రెండు భాషలూ చదివిన పరీక్షకుడు ఒకే పేరాలో పట్టుకోగలడు: ఉదాహరణలు అదే వరుసలో వస్తాయి, మూలంలోని పొరపాటు కూడా అనువాదంలోకి నడిచి వస్తుంది. తెలుగు వాక్యానికి సహజం కాని ఉర్దూ పోకడ అక్కడక్కడ బయటపడుతుంది.

మాట మార్చి పద్ధతిని తీసుకోవడం ఇంకొక రకం. మన విద్యార్థి వృత్తుల వారీగా పదాలను సేకరించాలన్న ఆలోచనను తనదిగా వ్రాసుకున్నాడు. కాని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లోనే వెలువరించారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. వారి వాక్యం ఒక్కటైనా తీసుకోకపోవచ్చును. అయినా "పల్లెపట్టుల వృత్తి పదాలకు కృష్ణమూర్తిగారు చూపిన దారిని నేను గని పదాలకు అన్వయించాను" అని వ్రాయడమే సత్యం. అట్లా వ్రాస్తే వాని గౌరవం తగ్గదు సరికదా, వాడు కొత్తగా చేసినదేదో స్పష్టంగా కనబడుతుంది.

పీర్ రివ్యూ అనగా సహవిద్వాంసుల సమీక్ష. వ్యాసాన్ని పత్రికకు పంపితే సంపాదకుడు దానిని ఆ విషయం తెలిసిన ఇద్దరికో ముగ్గురికో పంపుతాడు. చాలా పత్రికలలో రచయిత పేరు వారికి, వారి పేర్లు రచయితకు తెలియవు. ఉన్నదున్నట్లు అంగీకారం అరుదు. చిన్న సవరణలో, పెద్ద సవరణలో, నిరాకరణో వస్తుంది. సమీక్షకుడు "40 మందిలో స్త్రీలు ఎందరు?" అని అడిగితే కోపగించుకోక, ప్రతి ప్రశ్న క్రింద జవాబు వ్రాసి, మార్చిన పేజీ సంఖ్య చూపి పంపవలెను. అంగీకరించని చోట కారణం చెప్పవచ్చును. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి: సమీక్షకుడు కాగితాన్నే చూస్తాడు, ఆ కార్మికుడు ఆ మాట నిజంగా అన్నాడో లేదో చూడలేడు. కనుక రికార్డింగులను విద్యార్థే దాచుకోవలెను.

రుసుము కట్టగానే మూడు రోజులలో అంగీకారం పంపే పత్రికలున్నవి. మూడు రోజులలో ఎవరూ చదివి ఉండరు. మంచి పత్రికల కోసం నిధుల సంఘం నడిపిన కేర్ జాబితాను 2025లో నిలిపివేశారు గనుక, ఇప్పుడు విచారించుకొనే భారం విద్యార్థి మీద, గురువు మీద పడింది.

వైవా లాటిన్ మాట. వైవా వోచే అనగా సజీవ కంఠంతో అని అర్థం. మౌఖిక పరీక్ష, జబానీ ఇమ్తిహాన్ అన్నమాట. 2022 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథాన్ని గురువుతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు. వారి నివేదికలు అనుకూలంగా వచ్చిన పిదపే వైవా జరుగుతుంది. ఇతర అధ్యాపకులు, విద్యార్థులు వచ్చి వినవచ్చును.

అక్కడ మన విద్యార్థిని ఇట్లా అడిగారనుకుందాం: "బదిలీ అన్న మాట గనిలోకి నేరుగా ఉర్దూ నుండే వచ్చిందని ఎట్లా చెప్పగలవు?" ఇది మంచి ప్రశ్న. సాధారణ తెలుగులో బదిలీ అంటే ఉద్యోగి ఒక ఊరి నుండి మరొక ఊరికి మారుట. గనిలో బదిలీ కార్మికుడంటే రాని వాని స్థానంలో పనిచేసేవాడు. అర్థం వేరు గనుక ఇది కచేరీ భాష నుండి వచ్చినది కాదని అతడు చెప్పాడు. పరీక్షకుడు వదలలేదు: "బొంబాయి మిల్లులలోనూ ఈ అర్థమే కదా? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ బద్లీ కార్మికునికి నిర్వచనం ఉండేది కదా?" అంటే ఆ మాట హైదరాబాదు ఉర్దూ నుండి కాక, దేశమంతటా వ్యాపించిన కార్మిక పరిభాష ద్వారా కూడా వచ్చి ఉండవచ్చునన్నమాట.

ఇక్కడ ఎత్తిరాసినవాడు తడబడతాడు. ఆ వాక్యం వెనుక ఏ పని ఉన్నదో వానికి తెలియదు. తాను స్వయంగా పదాలు పోగుచేసినవాడు మాత్రం, "ఈ 64లో బదిలీకి నా దగ్గర ఉన్న ఆధారం బలహీనమే. 1947కు ముందు పనిలో చేరినవారు నాకు దొరకలేదు. దీనిని సందిగ్ధ పదాల పట్టికలోకి మారుస్తాను" అని చెప్పగలడు. అప్పుడు సంగ్రహంలోని 64 కాస్తా 63 అవుతుంది.