వేలిగీతల సాక్ష్యం

వేలిముద్ర అనగానే తెలుగువారికి చదువురానివారి సంతకమే స్ఫురిస్తుంది. అక్షరం ముక్క రానివారిని 'వేలిముద్రగాళ్లు' అని ఎగతాళి చేయడం పరిపాటి. అయితే, ఆ ముద్ర విలువను పాలకులు గుర్తించింది కూడా మనదేశంలోనే. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారుతో ఒప్పందం కుదుర్చుకొని, పత్రం వెనుక అతని అరచేతి ముద్ర వేయించాడు. ఆ సంతకం తనది కాదని కోనాయ్ తరువాత బుకాయించకుండా ఉండాలన్నదే హెర్షెల్ ఉద్దేశం. సంతకాన్ని మరొకరు అనుకరించవచ్చు. చేతిగీతలను అనుకరించడం అంత సులభం కాదు.

ఇదే ఆలోచన నేడు బ్యాంకు కార్డులోకి ప్రవేశించింది. మామూలు కార్డును యంత్రంలో పెట్టినప్పుడు, యజమాని నాలుగంకెల రహస్య సంఖ్యను నొక్కాలి. దానినే 'పిన్' అంటారు. కాని పిన్ రుజువు చేసేది ఒక్కటే: నొక్కినవారికి ఆ సంఖ్య తెలుసు. వారే యజమాని అని అది రుజువు చేయలేదు. చూపు ఆనని వృద్ధుడు సొమ్ము తెమ్మని కార్డుతోపాటు సంఖ్యను కూడా పక్కింటివారికి చెప్పవచ్చు. మరచిపోతానన్న భయంతో మరొకరు దానిని కార్డు సంచి మీదనే రాసుకోవచ్చు. సంఖ్య చేతులు మారినా యంత్రానికి తేడా తెలియదు.

ఈ లోపాన్ని సవరించడానికి వేలిముద్ర సెన్సర్ గల కార్డులు వచ్చాయి. 2017 ఏప్రిల్‌లో మాస్టర్‌కార్డ్ సంస్థ దక్షిణాఫ్రికాలో అలాంటి కార్డును పరీక్షించినట్లు ప్రకటించింది. ఆబ్సా బ్యాంకు, పిక్ ఎన్ పే అనే దుకాణాల సంస్థ ఆ ప్రయోగంలో పాల్గొన్నాయి. ఆ కార్డు చూడడానికి మామూలు కార్డులాగానే ఉంటుంది. బంగారువన్నె చిప్‌కు ఎదురు కొసన చిన్న నల్లని పలక ఉంటుంది. అదే సెన్సర్. కార్డులో బ్యాటరీ లేదు. దుకాణంలోని యంత్రంలో పెట్టినప్పుడు అందే విద్యుత్తుతోనే సెన్సర్, చిప్ పనిచేస్తాయి.

ముందుగా వేలిని కార్డుకు పరిచయం చేయాలి. దీనినే నమోదు అంటారు. యజమాని తన వేలిని సెన్సర్ మీద పలుమార్లు, కొద్దికొద్దిగా జరుపుతూ ఆనించాలి. వేలికొన మీద ఎత్తుగా ఉండే గట్లు, వాటి నడుమ పల్లాలు ఉంటాయి. సెన్సర్‌లో కంటికి కనిపించనంత చిన్న గడులు వరుసలుగా ఉంటాయి. గట్టు తాకినచోట గడి ఎక్కువ విద్యుదావేశాన్ని నిలుపుకుంటుంది. పల్లం ఉన్నచోట మధ్యలో గాలి ఉండడం వల్ల తక్కువ నిలుపుకుంటుంది. ఈ తేడాలన్నీ కలిసి వేలిగీతల చిత్రంగా ఏర్పడతాయి.

కార్డు ఆ చిత్రాన్ని యథాతథంగా దాచుకోదు. గీత ఎక్కడ ముగిసింది, ఎక్కడ రెండుగా చీలింది, ఏ దిక్కుకు వంగింది అన్న గుర్తులను గ్రహించి, వాటిని సంఖ్యల నమూనాగా మారుస్తుంది. ఊరి పటంలో ఇళ్లన్నిటినీ గీయకుండా కూడళ్లనూ దారుల చివరలనూ మాత్రమే గుర్తించడం వంటిది ఇది. ఆ నమూనా గూఢలిపిలోకి మారి కార్డు చిప్‌లోనే భద్రంగా ఉంటుంది.

ఇక కొనుగోలు సమయంలో జరిగేది చూద్దాం. జోహాన్నెస్‌బర్గ్‌లో ఒకామె 800 రాండ్ల సరుకులు కొన్నదనుకుందాం. ఆమె బొటనవేలిని సెన్సర్ మీద ఉంచి, కార్డును యంత్రంలో పెడుతుంది. యంత్రం నుంచి విద్యుత్తు అందగానే సెన్సర్ వేలిగీతలను చదువుతుంది. చిప్ అప్పటికప్పుడు కొత్త గుర్తులను పాత నమూనాతో సరిపోలుస్తుంది. రెండూ తగినంతగా కలిస్తే, యజమాని నిర్ధారణ జరిగినట్లు తనలో నమోదు చేసుకుంటుంది. ఆ పిమ్మట కొనుగోలు సొమ్ము, తేదీ, యంత్రం ఇచ్చిన ఒక యాదృచ్ఛిక సంఖ్య మొదలైనవాటిని తనలోని రహస్య తాళంతో కలిపి, ఆ ఒక్క లావాదేవీకే చెల్లే సంకేతాన్ని తయారుచేస్తుంది. బ్యాంకు దానిని పరిశీలించి సొమ్ము చెల్లించడానికి అనుమతి ఇస్తుంది.

ఇందులో గమనించదగిన విషయం ఒకటున్నది. సరిపోల్చడం కార్డులోనే ఆరంభమై కార్డులోనే ముగిసింది. దుకాణదారుకు గాని, బ్యాంకుకు గాని వేలిముద్ర చేరలేదు. 'సరిపోయినది' అన్న ఫలితం మాత్రమే చేరింది. మన రేషను దుకాణాలలోని ఆధార్ నిర్ధారణ పద్ధతి ఇందుకు భిన్నమైనది. అక్కడ వేలిముద్ర సమాచారం గూఢలిపిలో కేంద్ర భాండాగారానికి వెళ్లి, అక్కడ సరిపోలుతుంది. అందుకు నెట్‌వర్క్ అవసరం. వేలిముద్ర విషయంలో ఈ తేడాకు ప్రాధాన్యం ఉన్నది. పిన్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేము. కోట్లమంది ముద్రలు ఒకేచోట ఉంటే, ఆ ఒక్కచోటికి దొంగ చొరబడినా నష్టం అందరిదీ అవుతుంది. ముద్ర ఎవరి కార్డులో వారిది ఉంటే, దొంగ ఒక్కొక్క కార్డునే సంపాదించి ఛేదించాలి.

అయినా ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. ఒకే వేలిని రెండుసార్లు ఆనించినా రెండు చిత్రాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. కాబట్టి ఎంత పోలిక ఉంటే అంగీకరించాలో ముందే ఒక హద్దు నిర్ణయిస్తారు. హద్దు సడలిస్తే పరాయివారు లోనికి రావచ్చు. బిగిస్తే అసలు యజమానికే తిరస్కారం ఎదురుకావచ్చు. తడివేళ్లు, కోసుకున్న వేళ్లు, మట్టిపనిలో, రాతిపనిలో అరిగిన వేళ్లు ఎక్కువగా తిరస్కారానికి గురవుతాయి. అందుకే పిన్ పూర్తిగా తొలగిపోలేదు. వేలు సరిపోనప్పుడు యంత్రం పిన్ అడుగుతుంది. కార్డును పూర్తిగా లోనికి లాక్కునే ఏటీఎంలలో వేలు ఉంచే వీలే లేదు గనుక అక్కడా పిన్ తప్పదు. ఇంటర్నెట్ కొనుగోళ్లలో కార్డు మీది సంఖ్యలను మాత్రమే నమోదు చేస్తాము కాబట్టి, ఈ సెన్సర్ వల్ల అక్కడ రక్షణ ఏమీ లేదు.

మోసానికి కూడా తావున్నది. 2002లో జపాన్‌కు చెందిన త్సుతోము మత్సుమోతో బృందం జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసి, నాటి సెన్సర్లు పలుమార్లు వాటిని అంగీకరించినట్లు చూపింది. అయితే, అటువంటి దొంగకు కార్డు, దాని యజమాని వేలిముద్ర రెండూ చేతికందాలి. అందువల్ల కార్డు పోయిన వెంటనే బ్యాంకుకు తెలిపి దానిని నిలిపివేయించడమే మొదటి రక్షణ. వేలిముద్ర ఉన్నదన్న ధీమాతో ఆ పనిని ఆలస్యం చేయరాదు.

అభ్యాసం

1. పిన్ రుజువు చేసేదేమిటి? రుజువు చేయలేనిదేమిటి?
2. సెన్సర్ వేలిగీతలను ఎలా గ్రహిస్తుందో వివరించండి.
3. 'సరిపోల్చడం కార్డులోనే ఆరంభమై కార్డులోనే ముగిసింది.' దీనివల్ల కలిగే మేలు ఏమిటి?
4. వేలిముద్ర కార్డులో కూడా పిన్ ఎందుకు కొనసాగుతున్నది?